నెల్లూరులో ఫ్లాట్ కొంటే మొత్తం ఎంతవుతుంది? రిజిస్ట్రేషన్, బ్రోకర్ ఖర్చులు కలిపి లెక్క వేసుకునే విధానం

"46 లక్షలకు బేరం కుదిరిందండీ. బ్యాంకు వాళ్ళు 36 లక్షలు ఇస్తామన్నారు. నా దగ్గర 10 లక్షలు ఉన్నాయి. ఇంకేముంది, రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే కదా?" ఇలాంటి ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ 10 లక్షలు చాలవు. దాదాపు నాలుగున్నర లక్షలు తక్కువ పడతాయి. ఆ సంగతి అడ్వాన్సు ఇచ్చాక, రిజిస్ట్రేషన్‌కు వారం ముందు తెలిస్తే నగలు కుదువ పెట్టడమో, వడ్డీకి తేవడమో తప్ప దారి ఉండదు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద వేసుకోవాల్సిన లెక్కను ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ఉదాహరణకు ఒకటే ఫ్లాట్ తీసుకుందాం. వేదాయపాలెం వైపు, 1,200 చదరపు అడుగుల పాత ఫ్లాట్ అనుకోండి. యజమాని అమ్ముతున్నాడు, మధ్యలో బ్రోకర్ ఉన్నాడు, ధర 46 లక్షలు. ఈ ధరను లెక్క కోసం నేను అనుకున్నాను. మీ ఫ్లాట్ అంకెలు పెట్టుకుని ఇదే వరసలో చేసుకోండి. ఒంగోలులో కొనేవారికీ డ్యూటీ శాతాలు ఇవే, రాష్ట్రమంతా ఒకటే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- అమ్మేవారి రిజిస్టర్డ్ డాక్యుమెంటు జిరాక్సు, అంతకు ముందు యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు
- ఫ్లాట్ డోర్ నంబరు, అంతస్తు, డాక్యుమెంటులో రాసిన విస్తీర్ణం, భూమిలో మీకు వచ్చే అవిభక్త వాటా
- తాజా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ బాకీ లేదన్న కాగితం
- బ్యాంకు ఎంత ఇస్తుందో రాతలో (నోటి మాట లెక్కలోకి రాదు)
- ఇంటర్నెట్ ఉన్న ఫోను

అవిభక్త వాటా గురించి ఒక మాట. మన నెల్లూరులో దాన్ని అంకణాల్లో చెబుతారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. అన్ని ఊళ్ళలో అంకణం కొలత ఒకటి కాదు. కాబట్టి డాక్యుమెంటులో చదరపు గజాల్లో ఎంత రాశారో చూసి, ఆ అంకెనే పట్టుకోండి. నోటితో నాలుగు అంకణాలు అన్నారంటే డాక్యుమెంటులో 32 గజాలు కనిపించాలి.

1. ప్రభుత్వ మార్కెట్ విలువ ఎంతో చూడండి

స్టాంపు డ్యూటీ మీరు మాట్లాడుకున్న ధర మీదే పడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ప్రభుత్వం ప్రతి ప్రాంతానికీ ఒక మార్కెట్ విలువ నిర్ణయించి పెడుతుంది. మీ ధర, ఆ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ కట్టాలి.

ఆ విలువను registration.ap.gov.in లో చూడవచ్చు. జిల్లా, ఊరు, వార్డు, డోర్ నంబరు ఇస్తే ఆ చోట రేటు కనిపిస్తుంది. అపార్టుమెంటు ఫ్లాట్లకు చదరపు అడుగు చొప్పున రేటు ఉంటుంది, అంతస్తును బట్టి మారవచ్చు. ఆ రేటును డాక్యుమెంటులోని విస్తీర్ణంతో గుణించండి. మన ఉదాహరణలో అడుగుకు 3,000 అనుకుంటే 36 లక్షలు వచ్చింది. ధర 46 లక్షలు కాబట్టి డ్యూటీ 46 మీదే.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పాత రేటు పట్టుకోవడం. పక్క ఫ్లాటువాళ్ళు రెండేళ్ళ కిందట ఎంత కట్టారో అడిగి అదే వేసుకుంటారు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరిలో మార్కెట్ విలువలు సవరించారు. రేటు ఎప్పుడైనా మళ్ళీ మారవచ్చు. కాబట్టి బేరం నాడు ఒకసారి, రిజిస్ట్రేషన్‌కు స్లాట్ తీసుకునే ముందు ఒకసారి చూడండి. సైటులో మీ డోర్ నంబరు దొరకకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ ధ్రువపత్రం అడగండి. వార్డు నంబరు ఒక అంకె తేడా పడినా రేటు వేరే వీధిది వస్తుంది.

2. డ్యూటీ, ఫీజు లెక్క వేయండి

అమ్మకం డాక్యుమెంటుకు ఆంధ్రప్రదేశ్‌లో మూడు భాగాలు ఉంటాయి. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. కలిపితే 7.5 శాతం. 46 లక్షల మీద ఇలా వస్తుంది:

- స్టాంపు డ్యూటీ: 2,30,000
- ట్రాన్స్‌ఫర్ డ్యూటీ: 69,000
- రిజిస్ట్రేషన్ ఫీజు: 46,000
- మొత్తం: 3,45,000

దీనిపైన యూజర్ చార్జీలని కొన్ని వందలు ఉంటాయి. "రిజిస్ట్రేషన్ ఒక శాతమేనటండీ" అని ఎవరైనా అంటే వాళ్ళు చెప్పేది ఈ మూడో భాగం గురించి మాత్రమే. మీరు ఎప్పుడూ "అన్నీ కలిపి చలానా ఎంత?" అని అడగండి.

ఇప్పుడు దీనికి ఎదురు సందర్భం చూద్దాం. అదే ఫ్లాట్ మెయిన్ రోడ్డు మీద ఉండి, ప్రభుత్వ విలువ 50 లక్షలు వచ్చిందనుకోండి. మీరు 46కే కొంటున్నా డ్యూటీ 50 మీద కట్టాలి, అంటే 3,75,000. ఇంకో సంగతి కూడా తగులుతుంది. ధర గాని, ప్రభుత్వ విలువ గాని 50 లక్షలు చేరితే అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి మీరు 1 శాతం టీడీఎస్ కోసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. రెండింట్లో ఎక్కువ ఉన్నదాని మీద లెక్క, కాబట్టి ఇక్కడ 50,000. ఇది మీకు అదనపు ఖర్చు కాదు, అమ్మేవారి డబ్బే. కానీ కోయకుండా మొత్తం ఇచ్చేస్తే ఆ తర్వాత పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. అమ్మేవారు అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడినవారైతే ఈ 1 శాతం లెక్క వర్తించదు. ధర తక్కువైనా కోయాల్సి ఉంటుంది, రేటూ చాలా ఎక్కువ. నెల్లూరులో అలాంటి యజమానులు చాలామందే ఉన్నారు. అప్పుడు అడ్వాన్సు ఇవ్వకముందే ఆడిటర్‌ను కలవండి.

3. "డాక్యుమెంటులో తక్కువ చూపిద్దాం" అన్నప్పుడు

దీని దగ్గర కాస్త ఆగుతాను. దాదాపు ప్రతి బేరంలో ఎవరో ఒకరు ఈ మాట తెస్తారు. "ప్రభుత్వ విలువ 36 లక్షలే కదా, డాక్యుమెంటు 36కు రాయించుకుందాం, మిగతా 10 లక్షలు నోట్లుగా ఇచ్చేయండి, మీకు 75,000 మిగులుతుంది" అంటారు. చట్టవిరుద్ధమైన పని, ఆ మాట ముందు చెప్పాలి. లెక్క ప్రకారం చూసినా మీకు నష్టమే.

మొదటిది, బ్యాంకు డాక్యుమెంటు విలువను చూసి అప్పు ఇస్తుంది. 30 లక్షల వరకు అప్పయితే విలువలో 90 శాతం దాకా, అది దాటి 75 లక్షల వరకు అయితే 80 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 46 మీద మీకు 36 లక్షలు రావచ్చు. 36 లక్షల డాక్యుమెంటు మీద 30 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 75,000 కోసం 6 లక్షల అప్పు పోగొట్టుకున్నట్టు.

రెండోది, రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 36 లక్షలుగానే లెక్కలో ఉంటుంది. మీరు నిజంగా ఇచ్చిన 10 లక్షలు కూడా లాభంగా లెక్కపెడతారు. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. 10 లక్షల మీద 1,25,000. ఈరోజు మిగిలింది 75,000.

మూడోది, స్థిరాస్తి బేరంలో 20,000 గాని, అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా పడవచ్చు. బేరం మధ్యలో చెడిపోతే మీ చేతిలో రసీదు ఉండదు. అడ్వాన్సు నుంచి చివరి రూపాయి దాకా చెక్కు ద్వారానో, ఖాతా నుంచో ఇవ్వండి.

అమ్మేవారు నగదు తప్ప ఒప్పుకోకపోతే ఆ ఫ్లాట్ వదిలేయండి. నేను ఎవరికైనా ఇదే చెబుతాను.

4. బ్రోకర్ కమీషన్ తేల్చుకోండి

కమీషన్‌కు ప్రభుత్వం పెట్టిన రేటు లేదు. ఫ్లాట్లకు కొనేవారి దగ్గర 1 శాతం అడగడం ఎక్కువగా కనిపిస్తుంది, 2 అడిగేవారూ ఉన్నారు. 46 లక్షల మీద 1 శాతం అంటే 46,000, 2 శాతం అంటే 92,000. ఫ్లాట్ చూడకముందే ఈ మాట తేల్చుకోండి. ఫ్లాట్ నచ్చిందని మీ ముఖంలో కనిపించాక బేరం కుదరదు.

మూడు విషయాలు అడగాలి. ఎంత శాతం? దేని మీద? ఎప్పుడు? అగ్రిమెంటు నాడు సగం, రిజిస్ట్రేషన్ అయ్యాక సగం అని మాట్లాడుకోవడం మేలు. మొత్తం ముందే ఇస్తే ఆ తర్వాత ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే ఈసీలో తేడా వచ్చినా, లింకు డాక్యుమెంటు దొరక్కపోయినా పరుగులు మీరే పెట్టాలి. బ్రోకర్‌కు జీఎస్టీ నంబరు ఉంటే కమీషన్ మీద 18 శాతం కలుస్తుంది. ఆ మాట కూడా ముందే అడగండి.

కమీషన్ కంటే పెద్ద దెబ్బ ధరలో దాగి ఉంటుంది. యజమాని 44 లక్షలు చెబితే మీకు 46 అని చెప్పి, మధ్యలో 2 లక్షలు ఉంచుకుని, దానిపైన కమీషన్ కూడా తీసుకునేవాళ్ళు ఉన్నారు. యజమానిని కలవనివ్వకపోవడం, "ఆయన ఊళ్ళో లేరు, అడ్వాన్సు నాకివ్వండి" అనడం దీని గుర్తులు. విరుగుడు సులువే. ధర ఖాయం చేసే రోజు యజమాని ఎదురుగా కూర్చోండి, అగ్రిమెంటు ఆయనతోనే రాసుకోండి, డబ్బు ఆయన ఖాతాలోనే వేయండి. నిజాయతీగా పనిచేసే బ్రోకర్ దీనికి అడ్డుచెప్పడు.

బిల్డర్ కొత్త ప్రాజెక్టులో ఫ్లాట్ చూపించే ఏజెంటైతే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదై ఉండాలి. rera.ap.gov.in లో ప్రాజెక్టు పేరు, ఏజెంటు పేరు రెండూ వెతకండి.

5. బ్యాంకు ఖర్చులు వేరుగా రాసుకోండి

అప్పు తీసుకునేవారు మరిచిపోయే భాగం ఇదే. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువ కట్టే ఫీజు, చివరగా డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టినందుకు చేసే ఎంవోడీ రిజిస్ట్రేషన్. ఎంవోడీకి స్టాంపు డ్యూటీ అప్పు మొత్తంలో అర శాతం. 36 లక్షల మీద 18,000. దానిపైన కొంత రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. మన లెక్కలో దీనికి 22,000 ఉంచుదాం. ప్రాసెసింగ్‌కు 15,000, లాయరుకు, విలువకు కలిపి 8,000.

బ్యాంకు స్టాంపు డ్యూటీకి కూడా అప్పు ఇస్తుందనుకుంటే పొరపాటు. ఇంటి విలువ 10 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను విలువలో కలపకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మొదట చెప్పిన ఆ నాలుగున్నర లక్షల లోటు ఇక్కడి నుంచే వస్తుంది.

6. చిల్లర ఖర్చులు

డాక్యుమెంట్ రైటర్, ఈసీ, సర్టిఫైడ్ కాపీలు, ఫొటోలు కలిపి 10,000 ఉంచండి. రైటర్ "ఆఫీసు ఖర్చులు" అని ఒకే అంకె చెబితే చలానా ఎంత, తన ఫీజు ఎంత అని విడదీసి చెప్పమనండి. ప్రభుత్వానికి వెళ్ళేది చలానాలో కనిపిస్తుంది. అందులో లేనిది ప్రభుత్వ ఫీజు కాదు.

కార్పొరేషన్‌లో ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు, అపార్టుమెంటు సంఘంలో కట్టాల్సింది కలిపి మరో 15,000. సంఘం వాళ్ళు కొత్త యజమాని దగ్గర ఒక్కో చోట ఒక్కో మొత్తం తీసుకుంటారు, సెక్రటరీని నేరుగా అడగండి. పాత బాకీలు మాత్రం అమ్మేవారివే అని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి.

7. అన్నీ కలపండి

- ఫ్లాట్ ధర: 46,00,000
- డ్యూటీలు, రిజిస్ట్రేషన్ ఫీజు: 3,45,000
- బ్రోకర్: 46,000
- బ్యాంకు ఖర్చులు: 45,000
- రైటర్, ఈసీ, కాపీలు: 10,000
- పేరు మార్పులు, సంఘం: 15,000
- మొత్తం: 50,61,000

ధర మీద అదనంగా పడింది 4,61,000, అంటే సుమారు 10 శాతం. బ్యాంకు 36 లక్షలు ఇస్తే మీ చేతి నుంచి పెట్టాల్సింది 14,61,000. బ్రోకర్ 2 శాతం తీసుకుంటే 15 లక్షలు దాటుతుంది. అప్పు లేకుండా కొనేవారికి బ్యాంకు భాగం పోతుంది, అదనం 9 శాతం దగ్గర ఆగుతుంది. రంగులు, మరమ్మతులు, సామాన్లు మార్చడం నేను ఇందులో కలపలేదు.

మీ దగ్గర 10 లక్షలే ఉంటే లెక్కను వెనక నుంచి చేయండి. బ్యాంకు 78 శాతం ఇస్తే మీరు పెట్టాల్సింది ధరలో 22 శాతం, అదనం 10 శాతం, మొత్తం 32 శాతం. 10 లక్షలకు సరిపోయే ఫ్లాట్ ధర 31 లక్షల దగ్గర. అప్పు 30 లక్షల లోపు ఉంటుంది కాబట్టి బ్యాంకు 85 శాతం ఇస్తే, అదనంతో కలిపి మీ వాటా 25 శాతమే అవుతుంది. 85 శాతం అప్పు 30 లక్షలు దాటకుండా ఉండాలంటే ధర 35 లక్షల దగ్గర ఆగాలి. అప్పుడు 35 లక్షల దాకా చూడవచ్చు, బ్యాంకు మీ జీతానికి అంత ఇస్తుందనుకుంటే.

8. కడుతున్న ఫ్లాటైతే జీఎస్టీ

పైన చెప్పింది పాత ఫ్లాట్ లెక్క. బిల్డర్ దగ్గర, ఇంకా పూర్తికానిది కొంటే జీఎస్టీ కలుస్తుంది. పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక, మొదటి రూపాయి నుంచి ఆ తర్వాతే ఇస్తూ కొంటే జీఎస్టీ లేదు.

మామూలు రేటు 5 శాతం. ఇంటి లోపల వాడుకునే నేల, అంటే కార్పెట్ ఏరియా, 90 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 968 చదరపు అడుగుల లోపు ఉండి, మొత్తం 45 లక్షలు దాటకపోతే 1 శాతమే. చెన్నైలోనో హైదరాబాదులోనో కొన్న బంధువులు 60 చదరపు మీటర్లని చెబుతారు. అది మహానగరాలకు. నెల్లూరు, ఒంగోలుకు 90.

ఈ 45 లక్షల్లో పార్కింగు, సౌకర్యాల చార్జీలు కూడా కలుస్తాయి. ఫ్లాట్ 43.5 లక్షలు, పార్కింగు 2 లక్షలు అంటే మొత్తం 45.5. రేటు 5 శాతానికి వెళ్ళి 2,27,500 అవుతుంది. అదే మొత్తం 44.9 లక్షలకు తగ్గితే 44,900. అరలక్ష దగ్గర బేరం ఆగిపోయినప్పుడు ఈ లెక్క బిల్డర్ ముందు పెట్టండి, ఆయనకూ ఫ్లాట్ అమ్ముడుపోవడం ముఖ్యమే. బ్రోచరులో చెప్పే 1,200 అడుగులు కార్పెట్ ఏరియా కాదు, గోడలు, మెట్లు, కారిడార్ల వాటా కలిపినది. కార్పెట్ ఏరియా ఎంతో అగ్రిమెంటులో విడిగా రాయించండి. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

9. చలానా కట్టేముందు, రిజిస్ట్రేషన్ అయ్యాక చూడాల్సినవి

రైటర్ తయారుచేసిన డ్రాఫ్టు ఇంటికి తెచ్చుకుని చదవండి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, డోర్ నంబరు, అంతస్తు, విస్తీర్ణం, అవిభక్త వాటా, నాలుగు హద్దులు, పార్కింగు నంబరు, డబ్బు ఇచ్చిన వివరాలు. రిజిస్టర్ అయ్యాక తప్పు కనిపిస్తే సవరణ డాక్యుమెంటుకు అమ్మినవారు మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు అందాక వాళ్ళు రావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం.

చలానా అంకెను మీ కాగితం మీది 3,45,000తో పోల్చండి. ఎక్కువ వస్తే సాధారణంగా రెండే కారణాలు. మార్కెట్ విలువ మీ ధరను దాటింది, లేదా విస్తీర్ణంలో పార్కింగు కలిసింది. తక్కువ వస్తే సంతోషించకండి, ఏదో వదిలేశారని అర్థం. తక్కువ కట్టిన డ్యూటీకి తర్వాత నోటీసు వచ్చేది కొన్నవారికే.

రిజిస్ట్రేషన్ తర్వాత డాక్యుమెంటు వెనక రాసిన డ్యూటీ, ఫీజు అంకెలు చలానాతో సరిపోవాలి. కొద్దిరోజులకు కొత్త ఈసీ తీయండి. అందులో మీ పేరు, డాక్యుమెంటు నంబరు, విలువ 46,00,000 కనిపించాలి. అప్పు ఉంటే దాని కింద బ్యాంకు ఎంవోడీ కూడా కనిపిస్తుంది. మీ పేరు లేకుండా పాత యజమాని పేరు దగ్గరే ఈసీ ఆగిపోతే, ఇంటి పన్ను పేరు మార్పు కోసం కార్పొరేషన్‌కు వెళ్ళేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి సరిచేయించుకోండి.